ఒక జమ, రెండు బిల్లులు

నవంబరు, గురువారం సాయంత్రం. గుంటూరులో పురుగుమందుల డిపో. ఉన్నవారు: యజమాని, కంప్యూటర్ చూసే అమ్మాయి, రిటైరైనా లెక్కలు సరిచూడటానికి వెళ్లే నేను.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని జమలను బాకీ బిల్లులతో కలపడానికి ఆ అమ్మాయి ఎస్‌క్యూఎల్‌లో క్వెరీ, అంటే కంప్యూటరే జతలు వెతికే ఆదేశం, రాసింది. మొత్తంలో పది రూపాయలు, తేదీలో ఐదు రోజులు అటూ ఇటూ ఉన్నా జత కుదురుతుంది. ఒకే జమకు రెండు బిల్లులు తగిలితే, తేదీ దగ్గరగా ఉన్నదాన్నే మూసేస్తుంది.

చివరికి దాచేపల్లి డీలరు బిల్లు ఒక్కటే జమ లేకుండా బాకీగా మిగిలింది. మిరప తోటలను నల్లతామర పురుగు తినేస్తున్న రోజులవి.

"డబ్బు కట్టలేదుగా, ఆయన మందుల లోడు పక్క ఊరి డీలరుకి తిప్పేయండి," అని యజమాని లారీ పంపించేశాడు.

నాకు మనసొప్పలేదు. పక్క ఊరి బిల్లు మొత్తం కూడా అంతే. వచ్చిన జమ మాత్రం ఒకటే, దానితో క్వెరీ పక్క ఊరి బిల్లునే మూసేసింది.

"అమ్మా, డబ్బు ఎవరు వేశారో నీ క్వెరీ చూస్తుందా?"

"లేదండీ. మొత్తం, తేదీ, అంతే."

"మీకు అనుమానాలెక్కువండి," అని యజమాని నవ్వాడు. స్టేట్‌మెంట్‌లో ఆ జమ పక్కన దాచేపల్లి దుకాణం పేరు చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది. లోడు దించొద్దని చెప్పడానికి వెంటనే పక్క ఊరి డీలరుకి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న గేటు తెరిచేసరికి దాచేపల్లి డీలరు బయట నిలబడి ఉన్నాడు. రైతులు తన దుకాణం ముందు కూర్చున్నారని, మందు లేకుండా ఊళ్లోకి వెళ్లలేనని చెప్పాడు. గోడౌనులో ఇవ్వడానికి ఒక్క డబ్బా లేదు.