ఏ తప్పూ మోపని నోటీసు

యుద్ధం ముగిసిన ఏడాది నేను కడపలో ఒంటరిగా ఉన్నాను. మాది కర్నూలు. పెళ్లయిన రెండో ఏడే భార్య పోయింది. అమ్మ అంతకు ముందే పోయింది. సైన్యానికి గుడ్డ కొనే సర్కారు ఆఫీసొకటి యుద్ధకాలంలో కడపలో తెరిచారు. అందులో గుమాస్తా ఉద్యోగం దొరికితే మరో ఆలోచన లేకుండా వచ్చేశాను. ధాన్యం అంగడి మీద గది, హోటల్లో భోజనం. ఆఫీసులో నన్నందరూ మర్యాదగానే చూసేవారు. పని అయ్యాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోయేవారు.

నెలకు రెండుసార్లు మాత్రం జమ్మలమడుగు వెళ్లే పని ఉండేది. అక్కడి నేతగాళ్ల సంఘం గాయాలకు కట్టే పలచని గుడ్డ నేసి మాకిచ్చేది. భూతద్దం పెట్టి దారాలు లెక్కచూసి, నేత సరిగా ఉంటే ముద్ర వేయడం నా పని. బొగ్గుతో నడిచే బస్సు మెట్ట ఎక్కలేక నిలిచిపోతే అందరం దిగి తోసేవాళ్లం. ఎంత ఆలస్యమైనా సంఘం పెద్ద తన ఇంటి అరుగు మీద నా కోసం కూర్చుని ఉండేవాడు. యాభై దాటిన మనిషి. పొడుగ్గా, కొంచెం వంగి, గొంతు మాత్రం వీధి చివరకు వినిపించేలా ఉండేవాడు.

"ఏమప్పా, బస్సును నువ్వు మోసుకొచ్చినావా, అది నిన్ను మోసుకొచ్చిందా?" అని పలకరించేవాడు.

తనిఖీకి వచ్చినవాడు సరుకిచ్చే వాళ్లింట్లో తినకూడదని నియమం. నేను హోటల్ పొట్లం తీసుకెళ్లి అరుగు మీదే తినేవాణ్ని. ఆయన పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడేవాడు. గండికోట కింద పెన్నలో ఈసారి నీళ్లెంత, పత్తి ఎట్లుంది, చిన్న కోడలు కొత్తగా మగ్గం మీద కూర్చున్న సంగతి. లోపల ఆరు మగ్గాల చప్పుడు. వీధంతా అదే చప్పుడు. కడపలో నా గదికి తిరిగొచ్చాక ఆ నిశ్శబ్దంలో కాసేపు చెవులు హోరెత్తేవి.

జపాన్ లొంగిపోయిందన్న వార్త వచ్చిన తర్వాత వెళ్లినప్పుడు ఆయన గుడ్డ చూపించలేదు. ముందు నన్ను కూర్చోమన్నాడు.

"యుద్ధం అయిపాయె. ఇంక మా గుడ్డ ఎవురికి కావల్ల? నిజం చెప్పప్పా. ఇంకా రెండు మగ్గాలు వేద్దామని కొయ్య చూస్తాండా."

మద్రాసు నుంచి ఉత్తరువు అప్పటికే వచ్చింది. ఒప్పందాలన్నీ ముగించమన్నారు. నోటీసు వెళ్లేదాకా బయట చెప్పకూడదు.

"నేను చెప్పగూడదన్నా" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "సరేలే. చెప్పగూడదంటే చెప్పినట్లే" అని లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చాడు. అది కూడా నేను తాగలేదు. ఆ రోజు బస్సు తిరుగు దారి అంతా ఆ చెంబే గుర్తొస్తూ ఉండింది.

మా అధికారి తమిళ దేశం నుంచి వచ్చినవాడు, తెలుగు బాగానే మాట్లాడేవాడు. చెడ్డవాడు కాదు. పై నుంచి వచ్చే ప్రశ్నలంటే మాత్రం భయం. నోటీసు చిత్తు రాసి తెమ్మన్నాడు. ఆఫీసులో ఉన్న పాత నమూనా ఒకటి ఇచ్చాడు. దాని మొదటి వాక్యమే "మీరు గడువులోగా సరుకు అందించనందున" అని మొదలవుతుంది.

ఒప్పందంలో రెండు వేరు వేరు షరతులున్నాయి. సరుకిచ్చేవాడు మాట తప్పితే సర్కారు ఒప్పందం రద్దు చేయవచ్చు, అతని డిపాజిట్టు జప్తు చేయవచ్చు. అది ఒకటి. రెండోది, ఎవరి తప్పూ లేకున్నా, సర్కారుకు ఆ సరుకు అక్కర్లేకపోతే, ముప్పై రోజుల ముందు రాతపూర్వకంగా తెలిపి ముగించవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. అప్పుడు తయారైన గుడ్డా, మగ్గం మీద సగంలో ఉన్న గుడ్డా ఒప్పందం ధరకే తీసుకోవాలి, డిపాజిట్టు తిరిగి ఇవ్వాలి. రాబోయే లాభం పోయిందని మాత్రం వాళ్లు అడగలేరు. పాత నమూనా మొదటి షరతుకు రాసింది. మాకు కావలసింది రెండోది.

నేను మొదటి వాక్యం కొట్టేసి కొత్తగా రాశాను. అధికారి చదివి, పెన్సిలుతో ఒక ముక్క చేర్చాడు: "గతంలో జరిగిన జాప్యాలను కూడా దృష్టిలో ఉంచుకుని."

"ఇది వద్దు సార్" అన్నాను.

"ఎందుకు? వేసవిలో వాళ్లు రెండు విడతలు ఆలస్యం చేశారు కదా. ఫైలుకు బలంగా ఉంటుంది. ఎందుకు ముగించారని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక కారణం ఉంటుంది."

"కారణం చెప్పనక్కర్లేదనే కదా సార్ ఆ షరతు. మనమే కారణం చెబితే, అది నిజమో కాదో తేల్చమంటారు. ఆ వేసవిలో నూలు ఇవ్వాల్సింది మనం. మనమే ఆలస్యంగా ఇచ్చాం. రేపు వాళ్లు కోర్టుకెళితే, ఇది అక్కర తీరి ముగించింది కాదు, తప్పు మోపి రద్దు చేసిందే అంటారు. ఆ తప్పు మనం నిరూపించలేం. అప్పుడు ఒప్పందం చెడగొట్టింది మనమే అవుతాం."

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టాడు. తర్వాత తను రాసిన ముక్కను తనే రబ్బరుతో చెరిపాడు.

"మరి ఇది?" అని నేను రాసిన ఒక వాక్యం చూపించాడు. "మీ సంఘం అందించిన సేవ ఎంతో శ్లాఘనీయం" అని రాశాను. అది నేను ఆఫీసు కోసం రాయలేదు, నా కోసం రాసుకున్నాను. ఆయనకు అది తెలిసినట్టే ఉంది.

"జిల్లాలో ఇంకా నలుగురికి ఇదే నోటీసు వెళ్తుంది. ఒకరిని పొగిడి మిగతావాళ్లను పొగడకపోతే, ఆ నలుగురిలో ఏదో లోపముందనే కదా అర్థం?"

నిజమే. కొట్టేశాను. "విచారిస్తున్నాము" అన్న మాటా కొట్టేశాను. ఎవరైనా ఎందుకు విచారిస్తున్నారని అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. "రద్దు" అన్న మాట తీసేసి "ముగింపు" అని పెట్టాను. "ఇందులో మీ లోపమేమీ లేదు" అని ఒక వాక్యం రాయాలని మనసు లాగింది. ఎటూ తేల్చుకోలేక చివరకు వదిలేశాను. అరుగు మీద ఎవరో బిగ్గరగా చదువుతారు. వినేవాళ్ల చెవిన పడేది "లోపం" అన్న మాటే. దానికి బదులు ఇలా రాశాను: "ఈ ముగింపు ఒప్పందంలోని ముప్పై రోజుల షరతు కింద మాత్రమే, మరే షరతు కిందా కాదు." ఆ తర్వాత ముగిసే తేదీ, నేసిన గుడ్డ ఎప్పటిలోగా చూపించాలో, మిగిలిన నూలు ఎక్కడ అప్పగించాలో రాశాను. చివర, ఆ తేదీకి ముందు పుట్టిన హక్కులు ఇరువైపులా అలాగే ఉంటాయని ఒక మాట. ఇరువైపులా అన్నది మరిచిపోతే అది కూడా బెదిరింపులాగే వినిపిస్తుంది.

అధికారి సంతకం చేశాడు. నోటీసు రిజిస్టరు పోస్టులో వెళ్లింది. నాతో నోరారా మాట్లాడే ఒక్క మనిషికి, మీ గుడ్డ ఇక మాకు వద్దని నా చేత్తోనే రాశాను. ఎంత జాగ్రత్తగా రాసినా దాని అర్థం అదే.

చివరి తనిఖీకి వెళ్లేసరికి అరుగు మీద ఆయన ఉన్నాడు. ఈసారి బస్సు మాట ఎత్తలేదు. నోటీసు మడిచి పైపంచె కొంగులో పెట్టుకున్నాడు.

"బడి అయ్యవారు సదివి చెప్పినాడప్పా. మూడుసార్లు సదివించినా. వీధిలో అందరూ ఏం తప్పు చేసినావని అడిగిరి. నేను అయ్యవారిని అడిగినా, యాడన్నా మా తప్పని ఉండాదా, సూడు సామీ అని. యాడా లేదన్నాడు."

"లేదన్నా."

"రాసింది నువ్వేనా?"

"ఆఫీసు రాసింది."

ఆయన నవ్వాడు. "సరే, ఆఫీసే రాసిందనుకో. శానా బాగా రాసింది ఆఫీసు."

ఆ రోజు మగ్గం మీద సగం నేసిన గుడ్డ కూడా కొలిచి రాసుకున్నాను. అయిదు మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. చిన్న కోడలు ఒక్కతే మిగిలిన నూలుతో ఏదో నేస్తోంది. బయల్దేరేటప్పుడు ఆయన బస్సు దాకా వచ్చాడు. "మల్ల ఎప్పుడొస్తావు?" అని అడగబోయి, పని లేదని గుర్తొచ్చి ఆగాడు. నేను బస్సెక్కాను.

సంఘానికి నూలు కోటా నిలపాలా వద్దా అని తర్వాత జిల్లాలో నూలు పంచే సర్కారు అధికారి విచారించాడు. ఒప్పందం తప్పిన సంఘాలకు కోటా కోసేస్తున్నారు అప్పట్లో. ఆ అధికారి మా నోటీసు తెప్పించుకుని చదివి, ఇందులో సంఘం తప్పేమీ లేదని కోటా ఉంచాడు. ఆ మాట మా ఆఫీసులోనే విన్నాను. సంఘం పంపిన అదే నోటీసు చూసి మద్రాసు వైపు ఒక మిషను ఆసుపత్రి వాళ్లు కూడా గుడ్డ తెప్పించుకోవడం మొదలుపెట్టారట. ఆగిన మగ్గాల్లో మూడు మళ్లీ కదిలాయని విన్నాను.

కొన్నాళ్లకు మా ఆఫీసే మూసేశారు. నేను కర్నూలు తిరిగొచ్చి ఒక వకీలు దగ్గర రాతపనికి చేరాను. అద్దె ఇంట్లో ఒక్కణ్నే. ఒకసారి కోర్టు పని మీద నంద్యాల వెళ్లి సాయంత్రానికి వస్తే, పక్కింటి సాయిబు పిలిచాడు.

"నీకోసం ఒక పెద్దాయన వచ్చినాడు. పొడుగ్గుండాడు. మహానంది పోయి వస్తాండానన్నాడు. పొద్దున్నించి నీ గుమ్మం ముందర కూసున్నాడు. నీళ్లిచ్చినా, తాగినాడు."

"ఏమన్నా చెప్పినాడా?"

"ఆసుపత్రోళ్లు గుడ్డకు ఇంకో ఏడాదికి రాసిచ్చినారని చెప్పమన్నాడు. నీకు తెలుస్తాదన్నాడు."

బస్టాండుకు పరుగున వెళ్లాను. కడప బస్సు వెళ్లిపోయి అప్పటికే చాలాసేపయిందని ఏజెంటు చెప్పాడు. అక్కడ బల్ల మీద కాసేపు కూర్చున్నాను. వచ్చే బస్సులను చూశాను. చీకటి పడ్డాక ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించి, ఒక్కడికి సరిపడా బియ్యం కడిగాను.