అవ్వ ఫోన్‌కి రోజుకి మూడు జీబీ

ఆ ఆదివారం నేను ఇంట్లో అందరికంటే తెలివైనదాన్ని అనుకుంటూ నిద్ర లేచాను. మధ్యాహ్నానికి ఆ అభిప్రాయం పోయింది.

మేము ముగ్గురం ఆడవాళ్ళం. అవ్వ, అమ్మ, నేను. కేజీఎఫ్‌లో మా తాత గనిలో పనిచేసినప్పుడు ఇచ్చిన లైన్ ఇల్లు, వెనక రేకుల కొట్టంలో రెండు ఆవులు. నేను వేమగల్ ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయి వస్తాను. అమ్మ పాలు పోస్తుంది. అవ్వ ఆవుల్ని తిడుతూ మేపుతుంది. ముగ్గురికీ మూడు ఫోన్లు, మూడింటికీ ఒకే ప్లాన్: ఇరవై ఎనిమిది రోజులు, రోజుకి రెండు జీబీ, మాటలకి లెక్క లేదు. రాబర్ట్‌సన్‌పేటలో రీచార్జ్ అంగడాయన మొదటిసారి వేసిందదే. తర్వాత మేము "అదే వేయప్పా" అనడం తప్ప ఇంకోమాట అడిగింది లేదు.

నా జీతం ఏడో తేదీన పడుతుంది. రీచార్జ్ మాత్రం ప్రతి నెలా రెండు మూడు రోజులు ముందుకి జరిగి, చివరికి చేతిలో డబ్బు లేని రోజుల్లో వచ్చి కూర్చుంది. యాప్‌లో పాత రీచార్జ్‌లు చూస్తే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు ఉన్నాయి. ఇరవై ఎనిమిది రోజుల నెల మాయ అది. కోపం వచ్చి, ముగ్గురి వాడకమూ రాసి, ఎవరికి ఎంత కావాలో అంతే వేయిద్దామని పాత క్యాలెండర్ వెనక మూడు గీతలు గీశాను.

ముందు నా సంగతి. ఫ్యాక్టరీలో ఫోన్ గేటు దగ్గరే లాకర్‌లో పెట్టాలి. నేను వాడేది బస్సులో పోయేటప్పుడు, వచ్చేటప్పుడు. సెట్టింగ్స్‌లో చూస్తే మామూలు రోజు మూడు వందల ఎంబీ, ఆదివారం మాత్రం ఒక జీబీ దాటింది. మిగిలిందంతా రోజూ అర్ధరాత్రికి ఆవిరి. మర్నాటికి మిగలదు కదా! నెలల తరబడి లాకర్‌కి ఇంటర్నెట్ పోసి పోషించానని తెలిసి నాకే నవ్వొచ్చింది.

అమ్మది ఇంకా విడ్డూరం. డేటా రోజుకి ముప్పై ఎంబీ కూడా లేదు. కానీ మాటలు? యాప్‌లో కాల్స్ వివరాలు తీసి కూడితే ఒక్క నెలలో పదకొండు వందల నిమిషాలు. అందులో తొమ్మిది వందలు క్యాసంబళ్ళిలో ఉన్న పెద్దమ్మతో.

"ఇంతసేపు ఏం మాట్లాడుకుంటారమ్మా మీరు?"

"ఏం మాట్లాడతాము? ఏమీ లే. సుమ్మ, ఊరికే," అంది అమ్మ పాలక్యాన్ కడుగుతూ.

"అయితే నీకు డేటా లేని ప్లాన్ వేస్తా. మాటలు, మెసేజ్‌లు అంతే. ఎనభై నాలుగు రోజులు వస్తాది."

అమ్మ చెయ్యి ఆగింది. "పాల దుడ్లు ఇంగ యాడ పడతాయి? జనమంతా ఫోన్‌కే ఏస్తా ఉండారు."

నిజమే, తోచలేదు. డబ్బు వచ్చిందో లేదో చూడ్డానికైనా కొంచెం నెట్ కావాలి. రోజుకి ముప్పై చొప్పున ఎనభై నాలుగు రోజులకి లెక్క కడితే రెండున్నర జీబీ. రోజువారీ గొడవ లేకుండా మొత్తం ఆరు జీబీ ఇచ్చి, మాటలకి లెక్క లేకుండా, ఎనభై నాలుగు రోజులు నడిచే ప్లాన్ ఒకటి కనబడింది. ధర, పాత ప్లాన్ మూడుసార్లు వేయించినదాంట్లో సగం కంటే తక్కువ. నేను గాల్లో తేలిపోయాను.

"అవ్వకైతే ఒట్టి మాటల ప్లానే," అన్నాను పెద్ద ఆఫీసర్‌లా. "ఎప్పుడు చూసినా అవ్వ ఫోన్ గూట్లోనే ఉంటాది కదా."

గడప మీద కూర్చున్న అవ్వ తిరిగి చూసింది. "నాది ముట్టొద్దు."

"ఎందుకవ్వా? నీకు నెట్ ఎందుకు?"

"ఎందుకో ఒకందుకు. ముట్టొద్దంటే ముట్టొద్దు."

చీర మార్చుకోమన్నా అవ్వ అంత గట్టిగా వద్దనదు. నేను గూట్లోంచి ఫోన్ తీశాను. మెసేజ్‌లలో వరుసగా ఫోన్ కంపెనీవి: ఈ రోజు డేటా సగం అయింది, మొత్తం అయింది. సగం అయింది, మొత్తం అయింది. ప్రతి రోజూ, మధ్యాహ్నం రెండున్నర లోపలే! వాడకం చూస్తే వీడియోల యాప్ ఒక్కటే దాదాపు అంతా తినేసింది.

"అమ్మా, ఇట్లా రా!" అని అరిచాను. అమ్మ తడి చేతులతో వచ్చింది. వీడియోల యాప్ తెరిచాను. ఒక తెల్లదొర తోలు ఏప్రాన్ కట్టుకుని, ఆవు కాలు కట్టేసి, గిట్ట చెక్కుతున్నాడు. దాని కింద ఇంకో ఆవు, ఇంకో గిట్ట. వేలితో ఎంత తోసినా గిట్టలే. అన్నీ గిట్టలే.

అమ్మ గోడకి చేరబడి కూలబడింది. నాకు ఊపిరి ఆడలేదు. ఇద్దరం కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాం.

"నవ్వండి, నవ్వండి," అంది అవ్వ, కోపంతో కాదు, కొంచెం సిగ్గుతో. "ఆ నాయిన చెయ్యి చూడండి, ఎంత పతంగా, నేర్పుగా ఉండాదో. లోపల రాయి ఇరుక్కొని చీము పట్టింటాది. కోస్తానే చీము పోతాది, ఆవు నిమ్మళంగా నిలబడతాది. చూస్తే నాకూ నిమ్మళంగా ఉంటాది."

"భాష తెలీదు కదవ్వా?"

"ఆవుకి తెలుసునా?"

ఇంకో దారి పట్టాను. వీడియో నాణ్యత తగ్గిస్తే అదే రెండు జీబీ సాయంత్రం దాకా వస్తుంది కదా అని తగ్గించి ఇచ్చాను. అవ్వ ఫోన్ ముక్కు దగ్గరికి పెట్టుకుని, దూరం పెట్టుకుని, మళ్ళీ దగ్గరికి తెచ్చింది. "చీము కనపడల్యా. ఏదో బూజు మాదిరి ఉండాది. ఇంగ చూసి ఏం లాభము?"

అమ్మ నా భుజం మీద చెయ్యేసి, "మనిద్దరికీ వద్దనేదంతా ఆమెకి ఏసేయమ్మీ," అంది.

మళ్ళీ క్యాలెండర్ ముందు కూర్చున్నాను. అమ్మకి ఆరు జీబీది. ఆదివారాల కోసం నాకు రోజుకి ఒకటిన్నర జీబీ, ఎనభై నాలుగు రోజులది. అవ్వకి ఇరవై ఎనిమిది రోజులదే, కానీ రోజుకి మూడు జీబీ! మూడు నెలలకి తొమ్మిది రీచార్జ్‌లు పోయి ఐదయ్యాయి. ఇంత చేసినా పాతదానికంటే నాలుగు వందల పైచిలుకు మిగిలింది.

సాయంత్రం ముగ్గురం అంగడికి పోయాం. అవ్వ కొత్త చీర కట్టుకుంది. అంగడాయన "అదే కదమ్మా?" అని అలవాటుగా నొక్కబోతే, నేను క్యాలెండర్ కాగితం కౌంటర్ మీద పరిచాను. ఆయన చదివి, అవ్వని చూసి, మళ్ళీ చదివాడు.

"అవ్వకి మూడు జీబీనా? ఏం చేస్తాదమ్మా?"

"డాక్టర్ పని," అంది అవ్వ.

అమ్మది నిన్ననే అయిపోయింది కాబట్టి కొత్తది వెంటనే నడిచింది. అవ్వ పాత ప్లాన్‌కి ఇంకా పదకొండు రోజులుంది. ఇప్పుడు వేస్తే కొత్తది దాని వెనక వరుసలో నిలబడి, పాతది ముగిశాకే మొదలవుతుందని ఆయన చెప్పాడు. అవ్వ ముఖం చిన్నబోయింది. వేళ్ళ మీద పదకొండు లెక్కపెట్టి, "అంతవరకు మధ్యాహ్నంతో సరా?" అని అడిగింది.

మిగిలిన డబ్బులోంచి విడిగా ఒక డేటా ప్యాక్ వేయించాను. పాత ప్లాన్ ఉన్నన్ని రోజులూ వాడుకోవచ్చు. ఆయన నొక్కగానే అవ్వ ఫోన్ టింగుమంది. ఆమె అంగడి మెట్టు మీదే కూర్చుని, అమ్మని పక్కకి లాక్కుని, దొర ఆవుని తెరిచింది. రీచార్జ్‌కి వచ్చినవాళ్ళు ఇద్దరు వెనక వంగి చూడ్డం మొదలుపెట్టారు.

"అట్లా కాదప్పా, పక్కనుంచి కొయ్యి," అని అవ్వ దొరని గదమాయించింది. ఆయన పక్కనుంచే కోశాడు. మెట్టు మీద అందరూ హాయిగా ఊపిరి వదిలారు.