పేరు చెక్కని నోట్సు

పీహెచ్‌డీ థీసిస్ అప్పగించడానికి పన్నెండు రోజులే ఉన్నాయి. శామీర్‌పేట చెరువు చేపల్ని రోడ్డు పక్కన అమ్మే ఆడవాళ్ల మీద నాలుగేళ్లు పనిచేశాను. ఆ పొద్దున మేడ్చల్‌లో మా ఇంట్లో కూర్చుని, రిఫరెన్స్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఆధారాల జాబితా చూసుకుంటున్నాను. నేను రెండుసార్లు చదివిన పరిశోధన పేపరొకటి అందులో లేదు.

మొదట సాఫ్ట్‌వేర్‌ను తిట్టాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అధ్యాయంలో నేను ఎవరి పేరు, సంవత్సరం చేరిస్తే వాళ్లనే అది చివరి జాబితాలోకి తెస్తుంది. ఆ పేపరును దాచుకున్నాను కానీ, థీసిస్‌లో దాని పేరు ఎక్కడా చెప్పలేదు.

ఆ పేపరు పీడీఎఫ్ తెరిచాను. మూడో అధ్యాయంలో మా గైడు మేడం మెచ్చుకుని టిక్కు పెట్టిన పేరా, దాదాపు అదే వరుసలో అక్కడ ఉంది. ఇంగ్లీషు పేపర్లు చదువుతూ నోట్సు తెలుగులో రాసుకోవడం నా అలవాటు. కొటేషన్ గుర్తుల్లేవు, పేజీ నంబరు లేదు. ఏడాది తర్వాత అధ్యాయం కోసం ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషు చేశాను. నా దస్తూరీ, నా భాష, కాబట్టి నా మాటే అనుకున్నాను. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌కు కూడా దొరకలేదు. నోరు మూసుకుంటే సరిపోతుందని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు.

గిన్నెలు తోముతున్న అమ్మతో చెప్పాను.

"పక్కింటోళ్ల గిన్నె మీద పేరు లేకుంటే నెల దినాలకు మనదే అనిపిస్తది బిడ్డా. దొంగతనం జేసినమా ఏంది? అయినా గది వాళ్లదే."

బస్సెక్కి కొంపల్లిలో మేడం ఇంటికి వెళ్లాను. ఆవిడ కోప్పడలేదు, అందుకే ఇంకా భయమేసింది.

"తెలుగులోకి మార్చినా తీసుకున్నదే కదమ్మా. పేరు, సంవత్సరం పెట్టి, ఆ పేరా నీ మాటల్లో మళ్లీ రాయి. ఇలాంటివి ఇంకెన్నున్నాయో చూడు. అది తేలేదాకా నేను సంతకం పెట్టను."

అప్పటినుంచి కుదురు లేదు. నోట్సులో ప్రతి వాక్యానికీ పీడీఎఫ్ వెతకడం, దొరికితే పేజీ నంబరు రాయడం, మేనేజర్ నుంచి అధ్యాయంలో పేరు చేర్చడం. అన్నం తింటూ కూడా నా ప్రతి వాక్యాన్నీ అనుమానించాను. ఇంకో రెండు దొరికాయి.

పదో రోజుకు ఎవరిదో తేలని వాక్యం ఒక్కటే మిగిలింది: తక్కెడ పట్టిన చేతికి చెరువు మీద ఓటు లేదు. చేపలమ్మే ఆడవాళ్లకు చెరువు నిర్ణయాల్లో మాట చెల్లదని చెప్పే ఆ వాక్యమే అధ్యాయానికి ప్రాణం. దానికోసం అన్ని పేపర్లూ గాలించాను, ఎక్కడా లేదు.

"గట్లయితే నీదే గావచ్చు గద," అంది అమ్మ.

కావచ్చు. రోడ్డు పక్కన నిలబడి నేనే రాసుకుని ఉండవచ్చు. కానీ నోట్సులో దాని పక్కన, నాదని కూడా నేను రాసుకోలేదు. ఆ వాక్యం తీసేసి, మేడం సంతకానికి వెళ్లాను.