రోండో అని రాసి కొట్టేసిన జవాబు

టీచరమ్మ కడపలో ఒక మిషన్ బడిలో సంగీతం చెప్పి రిటైరైంది. ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించేది. శనివారం తన ఇంట్లో మా ఇద్దరికీ పాఠం చెప్పేది. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. రెండో అమ్మాయి బద్వేలు నుంచి పొద్దున బస్సుకు వచ్చేది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. చెన్నైలో జరిగే పాశ్చాత్య సంగీత పరీక్షకు ఇద్దరం తయారవుతున్నాం. నాకది ఇష్టంతో చదివే చదువు. ఆ అమ్మాయికి మాత్రం అదే దారి. సర్టిఫికెట్ తెస్తే బెంగళూరులో ఒక స్కూలు టీచరు ఉద్యోగం ఇస్తానంది. శెనక్కాయల వ్యాపారం చేసే వాళ్ల నాన్న ఈ ఒక్కసారికే ఒప్పుకున్నాడు.

పరీక్షలో మాకు భయమున్నది విని రాసే భాగమే. ఒక ముక్క రెండుసార్లు వినిపిస్తారు. దాని రూపం, అంటే భాగాలు ఏ వరుసలో వస్తాయో రాసి, కారణం రెండు వాక్యాల్లో చెప్పాలి.

ఒకరోజు టీచరమ్మ క్యాసెట్‌లో ఒక మినియెట్ పెట్టింది. అది పాతకాలపు నాట్య సంగీతం. బద్వేలు పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టి, "రోండో టీచరమ్మా. మొదటి బాణీ శానాసార్లు వచ్చింది" అంది.

"వచ్చిందాన్ని లెక్కపెడితే మోసపోతావు పాపా," అంది టీచరమ్మ. "అది మొదటి భాగం లోపలే తిరుగుతాండాది. ఆ భాగం అంతా ముగిసి ఆగినాక కొత్త భాగం ఒకటే వచ్చింది. మళ్లా మొదటిది వచ్చింది. పెద్ద భాగాలు మూడే. ఎ, బి, ఎ. టర్నరీ. రోండో అయితే బాణీ తన శ్రుతిలోనే తిరిగొచ్చినాక, ఇంకో కొత్త భాగం రావల్ల, మళ్లా బాణీ రావల్ల. ఎ, బి, ఎ, సి, ఎ. సి కనపడకుండా రోండో అని రాయొద్దు. ఇంకా పెద్దదైతే సి తర్వాత ఎ, బి, ఎ మళ్లా వస్తాయి, అప్పుడు బి కూడా మొదటి శ్రుతిలోకి వస్తాది."

ఆ రోజు నుంచి ఆ పిల్లకు టీచరమ్మ మాట వేదం.

పరీక్షకు రెండు వారాల ముందు పియానో ముక్క ఒకటి పెట్టింది. బాణీ, తర్వాత దిగులుగా ఉన్న భాగం, మళ్లా బాణీ. ఆ తర్వాత సి. ఎడమ చెయ్యి కింద అదే ఊపులో మెల్లగా నడుస్తుంటే, కుడి చెయ్యి పైన, చాలా పైన, సన్నగా కొత్త పాట ఎత్తుకుంది. చివరికి బాణీ. ఇద్దరం రోండో అని రాశాం.

టీచరమ్మ రెండు కాగితాల మీదా అడ్డగీత పెట్టింది. "టర్నరీ. బాణీ తిరిగొచ్చినాక ఉండేదంతా సాగదీసిన ముగింపే."

"మధ్యలో పైన కొత్తది ఉండాది కదా టీచరమ్మా?" అంది బద్వేలు పిల్ల భయంగా.

"యాడుండాది? నాకు వినపడలేదే."

ఆ పిల్ల తలవంచుకుని కొట్టేసి టర్నరీ అని రాసింది. నాకు మాత్రం 'వినపడలేదే' అన్న మాట గుచ్చుకుంది. మర్నాడు చర్చి అయ్యాక టీచరమ్మ ఇంటికి పోయాను. తలుపు తీసే ఉంది. ఆమె కీబోర్డు ముందు కూర్చుని కుడి చివర, పై స్వరాల మెట్లను ఒక్కొక్కటే నొక్కుతోంది. గట్టిగా నొక్కి, చెవి దగ్గరికి వంచి, మళ్లీ నొక్కుతోంది. అవన్నీ గణగణ మోగుతూనే ఉన్నాయి. నన్ను చూసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"చెప్పొద్దు మే," అంది. "చర్చిలో తెలిస్తే ఆర్గన్ దగ్గరికి రానియ్యరు. అదొక్కటే ఉండాది నాకు."

చెప్పనని మాట ఇచ్చాను. ఆమె చెప్పొద్దన్నది చర్చి వాళ్లకే. కానీ నేను ఆ పిల్లకూ చెప్పలేదు.

చెన్నైలో వచ్చిన ముక్క వేరు, పన్నిన ఉచ్చు అదే. సి భాగం పైన సన్నగా వినపడింది. నేను రోండో అని రాశాను. పక్క వరుసలో ఆ పిల్ల ఒకటి రాసి, ఆగి, అడ్డంగా కొట్టేయడం చూశాను. బయటికి వచ్చాక నవ్వుతూ చెప్పింది: "నాకు సి ఉన్నట్టే అనిపించింది అక్కా. టీచరమ్మ చెప్పింది గుర్తొచ్చి టర్నరీ పెట్టినా."

బస్సుకు టైమైందని మాట మార్చాను.

ఫలితాలు పోస్టులో వచ్చాయి. నేను పాసయ్యాను. ఆ పిల్ల కొద్ది మార్కుల్లో తప్పింది, అదీ విని రాసే భాగంలోనే. బెంగళూరు స్కూలు వేరే వాళ్లను తీసుకుంది. వాళ్ల నాన్న శనివారం బస్సు మాన్పించాడు. ఏ ప్రశ్న వచ్చిందని టీచరమ్మ నన్ను అడిగింది. ఈసారి దాచలేదు. ఆ నెలలోనే చర్చి పెద్దలకు తానే చెప్పి ఆర్గన్ తాళంచెవి ఇచ్చేసింది.

నేను బద్వేలు పోయాను. ఆ పిల్ల వాళ్ల నాన్న అంగట్లో గోతాల మధ్య కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాను.

"టీచరమ్మకు వినపడల్యా, సరే," అంది చివరికి. "నీకు వినపడింది కదక్కా."

తూకానికి ఎవరో వస్తే లేచిపోయింది. నేను కాసేపు నిలబడి చూశాను. ఆమె మళ్లీ నా వైపు తిరగలేదు.