చదువంటే ఇష్టం

పెద్దల బడిలో నేను ఆవలిస్తున్న ఫొటో మీద "చదువంటే నిద్ర" అని రాసి మాచర్లంతా ఫోన్లలో తిప్పారు. పరువు పోయి, డీటీపీ షాపులో పనిచేసే మనవరాలి దగ్గరికి వెళ్లాను.

"నిద్ర" చెరిపేసి అదే ఫాంటులో "ఇష్టం" కొట్టింది. తెల్లటి లావు అక్షరాల చుట్టూ నల్ల అంచు మందమై ఒత్తు పూడిపోయింది. అంచు తగ్గించి, అక్షరాల మధ్య ఎడాన్ని పక్కనున్న పాత మాటతో సరిపెట్టింది.

"అతుకు తెలుస్తందా అమ్మమ్మా?"

తెలియలేదు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టించాను.

సాయంత్రం పక్కింటామె ఫోను ఊపుతూ వచ్చింది.

"ఏంది వదినా, మళ్లీ నీ నిద్ర బొమ్మే!"

"రాసింది చదివి చూడు!"

"చదివేదేముంది? చానాసార్లు చూసిందేగా."

కూడబలుక్కుని చదివేది నేనొక్కదాన్నే. ఆ మాట మారిందని, కొట్టిన మనవరాలు కాక, నాకొక్కదానికే తెలుసు.