మామగారి మేడకు టేపు

పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఉన్న మా పంచాయతీకి ఇంటి పన్ను వసూలు చేసే బిల్ కలెక్టర్ గురప్ప. మంచి పన్నుకు నిశ్చితత్వం, సౌకర్యం, పొదుపు, సమత్వం అనే నాలుగు లక్షణాలుండాలని అర్థశాస్త్రం శాసిస్తుంది. అందులో మూడింటిని గురప్ప పాలకేంద్రం అరుగు మీద కూర్చునే సాధించాడు.

అంతకుముందు ఆటోకు మైకు కట్టి పన్ను అడిగేవారు. వచ్చిన దాంట్లో ఆటో బాడుగ, డ్రైవరు టిఫిను పోగా పంచాయతీకి గొంతునొప్పి మిగిలేది. గురప్ప ఆటో మాన్పించాడు. డెయిరీవాళ్లు పదిహేను రోజులకోసారి పాలడబ్బులిచ్చే పొద్దున అరుగెక్కి కూర్చున్నాడు. డబ్బు చేతిలో ఉన్నప్పుడే మనిషిని అడగడం మర్యాద అని ఆయన సిద్ధాంతం. ఏ రకం ఇంటికప్పుకు, ఎంత కొలతకు ఎంత పన్నో, ఎవరింటిని ఏ రకంగా రాశారో, ఎప్పటిలోగా కట్టాలో గోడకు అంటించాడు. దాంతో మా ఊళ్లో పన్ను బేరమాడే ప్రాచీన కళ అంతరించింది.

నాలుగో లక్షణం తిమ్మక్క రూపంలో వచ్చింది. రెండావులు, ఒక రేకుల ఇల్లు ఆమె ఆస్తి. గోడమీది కాగితాన్ని సాంతం చదివించుకుని, పాలడబ్బు కొంగున ముడేసుకుంది.

"నాది రేకులిల్లు, రేకులకే రాసినారు, సరే. మీ మామ మేడ గూడా రేకులనే యాల ఉండాది గురప్పా? ఆడ టేపు పెట్టినాకే నేను కట్టేది."

వెనకాల వరసలో ఉన్నవాళ్ల కొంగులు, జేబులు కూడా మూసుకున్నాయి. ఆ ఏటి వసూలు, గురప్ప పరువు రెండూ అక్కడే ఆగిపోయాయి.

మామ బాలప్ప మదనపల్లె మండీలో టమోటా అమ్మి, పాత రేకులిల్లు తీసేసి లేపిన రెండంతస్తుల మేడ అది. కట్టాక దాన్ని మళ్లీ కొలిచే ధైర్యం ఎవరికీ పుట్టలేదు. గురప్ప ఇంటికి పోయి భార్య మునీశ్వరిని అడిగాడు. ఆమె బియ్యంలో రాళ్లేరుతూనే తీర్పిచ్చింది.

"కొలువు. మా నాయిన పలక్కపోతే నేను పలుకుతా గదా నీతో."

మర్నాడు గురప్ప టేపు పట్టాడు, పంచాయతీ కార్యదర్శి రాసుకున్నాడు. బాలప్ప వాకిట్లోనే కూర్చుని, అల్లుడికి మంచినీళ్లు కూడా ఇవ్వమనలేదు. కొత్త పన్ను నోటీసు వెళ్లింది. అభ్యంతరముంటే చెప్పుకోవడానికి గడువూ ఇచ్చారు. బాలప్ప ఊరినే తలకిందులు చేస్తాడని అందరూ ఎదురుచూశారు. గడువు దాటింది, అభ్యంతరం కాగితం రాలేదు.

తర్వాతి పాలడబ్బుల రోజు ఇస్త్రీ చొక్కాతో అరుగు దగ్గరికి వచ్చాడు. పన్నంతా కట్టి, రసీదు అల్లుడి చేతిలోనే ఉంచాడు.

"ఊళ్లో అందరికన్నా పెద్ద పన్ను ఎవురిదప్పా?"

"మీదే మామా."

"అయితే గట్టిగా సదువు."

గురప్ప చదివాడు. బాలప్ప పట్టాభిషేకం జరిగినవాడిలా నిలబడి విన్నాడు. తిమ్మక్క కొంగుముడి విప్పి, తన పన్ను కట్టి, పక్కకు జరగకుండా అక్కడే నిలబడింది.

"నాది గూడా అంత గట్టిగానే సదువు గురప్పా. నేనూ కడతాండా గదా."