లేసు తీసి ఉంచండి

నరసాపురంలో స్పానిష్ వచ్చిన మనిషి ఎవరని అడిగితే రైలు స్టేషను దగ్గర టీ కొట్టువాడు కూడా లేసు సొసైటీ ఆఫీసు వైపే చూపిస్తాడు. గెద్దాడ రూబీ అక్కడ గుమస్తా, ఊళ్లో అందరికీ 'స్పానిష్ రూబీ'. వయసు ముప్ఫై తొమ్మిది. స్పెయిన్ దేశం ఎప్పుడూ చూడలేదు, స్పానిష్ మాట్లాడే మనిషినీ చూడలేదు. ఏడేళ్లుగా ఆ దేశంలో మా లేసు కొనే ఒకాయనకి ఈమెయిళ్లు రాసీ రాసీ, ఆయన జవాబులు చదివీ చదివీ నేర్చుకుంది. మొదట్లో ఫోనులో పెట్టి తర్జుమా చేసేది. తరవాత్తరవాత ఫోనుకే తప్పులు పట్టడం మొదలెట్టింది. అదిగో, అసలు చిక్కంతా ఆ పొగరులోనే ఉంది.

స్పెయిన్‌లో ఒక చిన్న ఊళ్లో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. లేసు అల్లి చూపించడానికి ఒక మనిషిని పంపమని సొసైటీకి కబురొచ్చింది. ఎవరిని పంపాలన్న ప్రశ్నే లేదు. రూబీ తల్లి సంపూర్ణమ్మ పన్నెండో ఏట అల్లిక సూది పట్టింది, ఇప్పుడు అరవై నాలుగు. ఆవిడకి తోడుగా సెక్రటరీ శాంతికుమార్ గారు బయలుదేరారు. టిక్కెట్లు రెండే.

"నేను వెళ్తే మాటసాయం ఉంటుంది కదండీ" అంది రూబీ, మొహం చంపుకుని.

"నువ్విక్కడుండి మెయిళ్లు చూసుకోమ్మా. అక్కడ ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేస్తాలే" అన్నారాయన.

రూబీకి ఒళ్లు మండింది.

సంపూర్ణమ్మకి షుగరుంది. కాళ్లు వేలాడేసి ఎక్కువసేపు కూర్చుంటే పాదాలు బూరెల్లా ఉబ్బుతాయి. రాత్రంతా విమానంలో కూర్చుని వెళ్లే మనిషి, దిగాక కాసేపు నడుం వాల్చి కాళ్లు ఎత్తి పెట్టుకోకపోతే సూది పట్టి కూర్చోలేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి హోటలుకి చేరతారు. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. ప్రదర్శన అయిదింటికి మొదలు, రాత్రి తొమ్మిది దాకా. అంటే ఆ గది ముందుగా దొరకాలి. దొరక్కపోతే కనీసం సామాను ఎక్కడైనా పెట్టుకోనివ్వాలి. మోకాళ్ల నెప్పులతో, రెండు పెట్టెలు లాక్కుంటూ, తెలియని ఊళ్లో ఆవిడ ఎక్కడ తిరుగుతుంది?

"హోటలువాళ్లకి ఒక మెయిల్ పెట్టెయ్యమ్మా. ఎందుకైనా మంచిది, ఫోనులో కొట్టి స్పానిష్ చేసుకో" అన్నారు శాంతికుమార్ గారు.

ఫోనులోనట! సోమవారం పొద్దున్నే రూబీ తలుపు దగ్గరగా వేసుకుని, స్వయంగా, గంటన్నర కూర్చుని రాసింది.

మనవైపు ఎవరినైనా సాయమడగాలంటే మొహం మీద అడిగేస్తామా? ముందు కుశలం అడుగుతాం. పిల్లలెలా ఉన్నారంటాం. ఎండల గురించి రెండు మాటలంటాం. అప్పుడు మెల్లగా "ఏం లేదండీ, చిన్న పని మీదొచ్చాను" అంటాం. రూబీ కూడా అచ్చం అలాగే రాసింది. హోటలువారికి భారతదేశం నుంచి నమస్కారాలు. మాది గోదావరి సముద్రంలో కలిసేచోటు. మా ఊరి ఆడవాళ్లు తరతరాలుగా చేత్తో లేసు అల్లుతారు. మా అమ్మ అల్లిన లేసు మీ దేశంలో బల్లల మీద కూడా పరిచి ఉంటుంది. ఇలా ఇరవై రెండు వాక్యాలయ్యాక, గురువారం మా అమ్మ వస్తోంది, గది కాస్త ముందుగా ఇవ్వగలరా, లేకపోతే మా సామాను తీసి ఉంచగలరా అని అడిగింది. గదులు ప్రదర్శనవాళ్లు బుక్ చేశారు కాబట్టి బుకింగు నంబరు కూడా తన దగ్గర లేదు. కింద సొసైటీ పేరు, లేసు బొమ్మ వచ్చేలా సంతకం పెట్టి పంపేసింది. చదువుకుంటే తనకే ముచ్చటేసింది.

మంగళవారం సాయంత్రం వాళ్లు రైలెక్కారు. రూబీ తల్లి చేతిలో మందుల సంచి పెట్టి, "హోటలుకి రాసేశానమ్మా. నువ్వెళ్లడం, పడుకోవడం, అంతే" అంది.

"నువ్వు రాశావంటే ఇంకేంటే" అంది సంపూర్ణమ్మ.

బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి జవాబొచ్చింది. బయట వడగాలి, ఆఫీసులో ఫ్యాను తిరుగుతోందో లేదో తెలియడం లేదు. రెండే రెండు ముక్కలు. *మీ ఉత్తరానికి చాలా ధన్యవాదాలు. కానీ మాకు లేసు అవసరం లేదు.*

రూబీ మళ్లీ చదివింది. లేసు అవసరం లేదా? లేసు ఎవడు కొనమన్నాడు వీళ్లని? ఎంత పొగరు! ఆ కోపంలోనే తను పంపింది తెరిచి, ఇరవై మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది.

స్పానిష్‌లో సామాను అంటే ఎకిపాహే. లేసు అంటే ఎన్‌కాహే. ఏడేళ్లుగా రూబీ రోజుకి ఇరవైసార్లు రాసింది ఎన్‌కాహే. చేతి ఎన్‌కాహే, తెల్ల ఎన్‌కాహే, గజాల లెక్కన ఎన్‌కాహే. సామాను అనే మాటతో ఆమెకి ఏనాడూ పని పడలేదు, ఎక్కడికైనా ప్రయాణమైతే కదా! 'దయచేసి మా లేసు తీసి ఉంచండి' అని రాసి కూర్చుంది. పైన లేసు, కింద లేసు, మధ్యలో లేసు. చదివినవాళ్లు ఎవరో సరుకు అంటగట్టడానికి వచ్చారనుకోక ఏమనుకుంటారు?

"ఓరి దేవుడో" అని పైకే అనేసింది. చెంపలు వాయించుకోవాలనిపించింది. ఫోన్ చేద్దామంటే ధైర్యం చాల్లేదు. రాయడమే గానీ ఆ భాషలో ఒక్క ముక్క నోటితో అన్నది లేదు. అప్పటికి తల్లి హైదరాబాదు విమానాశ్రయానికి బయలుదేరే ఉంటుంది. ఆ ఉబ్బే పాదాలే కళ్లముందు తిరుగుతున్నాయి.

ఈసారి కాగితం మీద మూడు ముక్కలు రాసుకుంది. ఎవరు, ఎప్పుడు, ఏం కావాలి. కుశలాలు కొట్టేసింది. గోదావరి కొట్టేసింది. లేసు కొట్టేసింది. ఇలా ముక్కుసూటిగా అడగడానికి ఆమెకి సిగ్గేసింది. కానీ ఆ దేశంలో మర్యాదంతా 'వీలవుతుందా' అనే మాటలోనే ఉందని, కొనే ఆయన ఉత్తరాలన్నీ ఇంత పొట్టిగానే ఉంటాయని ఇప్పుడు గుర్తొచ్చింది. ముందు 'శుభ మధ్యాహ్నం' అని రాయబోయి, వేళ్ల మీద లెక్కేసుకుంది. ఇక్కడ మూడూ యాభై అంటే అక్కడ పన్నెండూ ఇరవై, వాళ్లింకా భోజనాలకి లేవలేదు. 'శుభోదయం' అనే రాసింది.

*Buenos días:*
*Mi madre, Sampurnamma Geddada, tiene una reserva para mañana, jueves 14 de mayo, y llega a las 9:30. ¿Sería posible entrar en la habitación antes de las 15:00? Si no, ¿podría dejar el equipaje en recepción hasta esa hora?*
*Muchas gracias y un cordial saludo,*
*Ruby*

రేపు గురువారం మా అమ్మ పేరున గది ఉంది, తొమ్మిదిన్నరకి వస్తుంది, మూడింటికి ముందే గదిలోకి వెళ్లడం వీలవుతుందా, కాకపోతే అప్పటిదాకా సామాను మీ దగ్గర ఉంచుకోవచ్చా. అంతే. 'ఎకిపాహే' అన్న మాటని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మూడుసార్లు చూసింది. చివరికి సిగ్గు చంపుకుని ఫోనులో కూడా పెట్టి చూసింది. సరిగ్గానే ఉందన్నాక పంపింది.

ఇరవై నిమిషాల్లో జవాబు! పిలార్ అనే ఆవిడ రాసింది. మొదటి ఉత్తరం లేసు అమ్మేవాళ్లదనుకుని చివరిదాకా చదవలేదట, మన్నించమంది. సామాను ఎన్నింటికొచ్చినా పెట్టుకోవచ్చు. గది మాత్రం ఒంటిగంటకి ముందు కుదరదు, ఈ రాత్రికి హోటలంతా నిండిపోయింది. ఆ కింద, పాపం మంచికే రాసిందో ఏమో, ఇంకో వాక్యం కూడా ఉంది. *సోమవారం ఒక గది ఖాళీగా ఉండింది. అడిగి ఉంటే మీ అమ్మగారి కోసం అట్టేపెట్టేవాళ్లం. నిన్ననే వేరేవాళ్లకిచ్చేశాం.*

రూబీ ఆ వాక్యం దగ్గరే చాలాసేపు ఉండిపోయింది. అడిగింది కదా! సోమవారమే అడిగింది. లేసు అడిగింది. స్పానిష్ రూబీ అట, పేరు చూడు! ఆ రాత్రి చర్చిలో ప్రార్థన కూడిక ఉన్నా వెళ్లలేదు. దేవుడి ముందు కూడా ఇరవై రెండు వాక్యాలు మాట్లాడే మనిషి, ఆ పూట మంచమ్మీద కూర్చుని "కాళ్లు వాయకుండా చూడు ప్రభువా" అని ఒక్క మాట అని ఊరుకుంది.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి తల్లి ఫోను చేసింది. వీడియోలో మొహం పీక్కుపోయి ఉంది. వెనక ఒక చెక్క బల్ల, గోడకి తాళంచెవుల పలక.

"వచ్చేశామే. పెట్టెలు రెండూ లోపల గదిలో పెట్టి చీటీ ఇచ్చారు. శాంతికుమార్ గారు ప్రదర్శన చోటు చూసొస్తానని వెళ్లారు. ఇక్కడావిడ మంచిదే, ఏదో అంటోంది గానీ నాకర్థమవడం లేదు. గదికింకా టైముందట కదా?"

"కాళ్లు చూపించమ్మా."

"ఎందుకే ఇప్పుడు?"

"చూపించూ."

ఫోను కిందికి దిగింది. చెప్పులు విప్పేసి ఉన్నాయి. మడమల దగ్గర గీతలే కనబడటం లేదు. ఒక కుర్చీ ముందుకి లాగి, దాని మీద దిండు వేసి, కాళ్లు ఎత్తి పెట్టి ఉన్నాయి. "ఆవిడే వేసింది" అంది సంపూర్ణమ్మ.

రూబీ ఇక ఆగలేకపోయింది. తప్పంతా తనదేనంది. ఫోనులో చూసుకోమన్నా వినకపోవడం, సామానుకి బదులు లేసు అని రాయడం, ఆ గది మంగళవారం చేజారిపోవడం, అన్నీ ఏడుస్తూ చెప్పేసింది. "నా వల్లేనమ్మా నువ్విలా కూర్చోవలసి వచ్చింది. ఆ ఒక్క మాట..."

అవతల సంపూర్ణమ్మ ఫోను సర్దుకుంది. అప్పుడు ఆవిడ ఒడి కనిపించింది. పెట్టెలు రెండూ ఇచ్చేసినా, లేసు నమూనాల గుడ్డసంచి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని రెండో చేత్తో పట్టుకునుంది. చూపుడు వేలి కొసన సూది రాసి రాసి కాసిన కాయ కూడా కనబడుతోంది.

"సామానని రాయబోయి లేసని రాశావా?"

"ఊఁ."

"పన్నెండేళ్ల పిల్లప్పట్నుంచి నేను మోస్తోంది ఇదేగా" అంది సంపూర్ణమ్మ, సంచి మీద చెయ్యి వేసి. "నాకింకో సామానెక్కడుందే, రూబీ? నువ్వు తప్పేం రాయలేదు."

రూబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.